ఎడిటింగ్ గంటకు ఎంత వస్తోంది? చిన్న వీడియో బృందం లెక్క చూసుకునే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ వీడియోలు తీసే ముగ్గురు మనుషుల బృందం ఒకటి ఉందనుకోండి. ఒకరు మాట్లాడతారు, ఒకరు కెమెరా చూసుకుంటారు, ఒకరు ఎడిటింగ్ చేస్తారు. ఆ ఛానల్‌లో మూడు రకాల వీడియోలు వస్తాయి. యార్డు నడిచే రోజుల్లో తేజ, బ్యాడిగి, తాలు కాయల ధరలు చెప్పే నాలుగు నిమిషాల వీడియో ఒకటి. నారుమడి, ఎరువులు, నల్ల తామర పురుగు వంటి విషయాల మీద పది పన్నెండు నిమిషాల సాగు పాఠం రెండోది. ఒక రైతు పొలానికి వెళ్లి రోజంతా తీసి, ఇరవై నిమిషాలకు కుదించే కథనం మూడోది. వ్యూస్ మాత్రమే చూసే బృందం తన ఎడిటర్ సమయాన్ని కథనాల మీద పెడుతుంది, ఎందుకంటే ఒక్కో వీడియోకు ఎక్కువ వ్యూస్ తెచ్చేది అదే. ఆ నిర్ణయం సరైనదో కాదో తేల్చుకునే పద్ధతిని ఈ బృందాన్నే ఉదాహరణగా పెట్టుకుని వరుసగా చూద్దాం. అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవే కాబట్టి వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోవాలి.

మొదట, దేనితో భాగించాలో తేల్చుకోండి

ఆదాయాన్ని ఎడిటింగ్ గంటలతోనే ఎందుకు భాగించాలన్న ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకోవాలి. మీ బృందంలో దేనికి కొరత ఉందో దానితో భాగించాలి. ఎడిటర్ ఒక్కరే ఉండి, తీసిన ఫుటేజ్ హార్డ్ డిస్కులో వారాల తరబడి వంతు కోసం ఎదురుచూస్తుంటే కొరత ఎడిటింగ్‌కే. అలా కాకుండా, ఎడిటర్ ఖాళీగా కూర్చుని షూటింగ్ కోసం ఎదురుచూస్తున్నట్లయితే ఈ లెక్కలో షూటింగ్ రోజులు రావాలి గాని ఎడిటింగ్ గంటలు కాదు. పేరుకుపోయిన ఫుటేజ్ ఎంత ఉందో ఒకసారి చూస్తే ఈ విషయం తేలిపోతుంది. మన ఉదాహరణలో కొరత ఎడిటర్ చేతి దగ్గరే ఉంది.

గంటలను చేసిన రోజే రాయండి

వారం చివర కూర్చుని జ్ఞాపకం మీద రాసిన గంటలు ఈ లెక్కకు పనికిరావు. ఇష్టంగా చేసిన పని తక్కువ సేపు పట్టినట్టు, విసుగు పుట్టించిన పని ఎక్కువ సేపు పట్టినట్టు అనిపించడం సహజం. ఎడిటర్ ప్రతి వీడియోకు పావుగంట లెక్కన ఆ రోజే ఒక గూగుల్ షీట్‌లో రాసుకుంటే చాలు. ఏ పనికి ఎంత పట్టిందో ఐదు భాగాలుగా విడదీస్తే మరీ మంచిది: రఫ్ కట్, శబ్దం, గ్రాఫిక్స్, రంగుల సవరణ, యాంకర్ చూసి చెప్పిన మార్పులు. థంబ్‌నెయిల్‌ను కూడా ఎడిటరే చేస్తుంటే దాన్ని గ్రాఫిక్స్‌లో కలపండి. మనిషి చేతి పని లేకుండా కంప్యూటర్ తన పాటికి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటున్న సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అయితే పాత కంప్యూటర్ టైమ్‌లైన్ మీద తడబడుతూ ఎడిటర్‌ను కూర్చోబెడితే ఆ సమయం లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే ఆయన అప్పుడు మరో పని చేయలేడు.

ఇప్పటికే విడుదలైన వీడియోలకు గంటలు రాసి లేకపోతే ఒక చిన్న ఆధారం దొరకవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆటో-సేవ్ ఫోల్డర్‌లో ప్రాజెక్టు ప్రతులను సమయంతో సహా దాచి ఉంచుతుంది. మొదటి ప్రతి, చివరి ప్రతి, మధ్యలో పెద్ద విరామాలు చూస్తే సుమారుగా ఎన్ని గంటలు పని జరిగిందో అంచనా వేయవచ్చు. సాఫ్ట్‌వేర్ పాత ప్రతులను చెరిపేస్తూ పోతుంది కాబట్టి ఆ అంచనా నిజం కన్నా తక్కువే వస్తుంది. అలాంటి అంకెల పక్కన ‘అంచనా’ అని రాసి ఉంచండి. అసలు ఆధారమే దొరకని వీడియోను వదిలేయండి.

వ్యూస్, ఆదాయం ఒకే వయసులో తీసుకోండి

ఎక్కువ బృందాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. నిన్నటి వీడియోనూ ఏడాది క్రితం వీడియోనూ ఈ రోజు కనిపించే మొత్తం వ్యూస్‌తో పోలిస్తే పాతదే గెలుస్తుంది. ప్రతి వీడియోకూ విడుదలైన రోజు నుంచి 90 రోజుల అంకెలే తీసుకోవాలి. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో Analytics తెరిచి, Advanced mode లోకి వెళ్లి, తేదీల దగ్గర Custom ఎంచుకుని విడుదల తేదీని, అక్కడి నుంచి తొంభయ్యవ రోజును ఇవ్వండి. Views, Estimated revenue అనే రెండు అంకెలను షీట్‌లోకి తెచ్చుకోండి. పేరులో ఉన్నట్టే ఆ ఆదాయం అంచనా మాత్రమే, తరువాత కొంత సర్దుబాటు జరగవచ్చు. కాబట్టి తొంభయ్యవ రోజు ముగిసిన మర్నాడే కాకుండా కొన్ని వారాలు ఆగి తీసుకోవడం మంచిది. జనవరి నుంచి మార్చి వరకు విడుదలైన వీడియోల లెక్క ఆ ప్రకారం జులై నెలలో గాని పూర్తి కాదు. ఈ ఆలస్యానికి ఓపిక పట్టాల్సిందే.

షార్ట్స్‌ను ఈ పట్టికలో కలపకండి. వాటి ఆదాయం పంచే పద్ధతి వేరు. పైగా 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలవడమే ఒక వ్యూగా లెక్కకు వస్తోంది కాబట్టి ఆ వ్యూస్‌ను నిడివి గల వీడియోల వ్యూస్ పక్కన పెట్టడంలో అర్థం లేదు.

స్పాన్సర్ ఇచ్చిన డబ్బు స్టూడియోలో కనిపించదు. దానికి మీ పద్దు పుస్తకం చూసి వేరే గడి పెట్టుకోండి, ప్రకటనల ఆదాయంలో కలిపేయకండి. ఎందుకో తరువాత తెలుస్తుంది.

షీట్‌లో B గడిలో వీడియో రకం, D లో ఎడిటింగ్ గంటలు, E లో 90 రోజుల వ్యూస్, F లో 90 రోజుల ఆదాయం, G లో స్పాన్సర్ డబ్బు ఉన్నాయనుకుంటే, H లో గంటకు ఆదాయం ఇలా వస్తుంది. కింది రెండు వరుసలు ‘పాఠం’ రకం మొత్తానికి సగటును, మధ్యస్థాన్ని చూపుతాయి. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పెడితే సరిగ్గా నడిమిన వచ్చేదే మధ్యస్థం.

```
=F2/D2
=SUMIF(B:B,"పాఠం",F:F)/SUMIF(B:B,"పాఠం",D:D)
=MEDIAN(FILTER(H2:H100,B2:B100="పాఠం"))
```

ఇప్పుడు పట్టికను చదవండి

మన బృందం మూడు నెలల్లో విడుదల చేసిన వీడియోల లెక్క ఇలా వచ్చిందనుకుందాం.

| రకం | వీడియోలు | మొత్తం గంటలు | ఒక్కో వీడియోకు వ్యూస్ | ప్రకటనల ఆదాయం | గంటకు |
|---|---|---|---|---|---|
| ధరలు | 50 | 75 | 7,200 | ₹9,000 | ₹120 |
| పాఠం | 12 | 96 | 30,000 | ₹16,200 | ₹169 |
| కథనం | 8 | 176 | 40,000 | ₹12,800 | ₹73 |

ఒక్కో వీడియోకు వచ్చిన వ్యూస్‌లో మొదటి స్థానంలో ఉన్న కథనం, గంటకు వచ్చిన ఆదాయంలో చివరికి పోయింది. ఒక్కో కథనం 22 గంటలు తింటుండగా పాఠానికి 8 గంటలు చాలుతున్నాయి. ధరల వీడియోకు, పాఠానికి మొత్తం వ్యూస్ ఒకటే అయినా, అంటే రెండింటికీ 3,60,000 చొప్పునే వచ్చినా, ఆదాయంలో తేడా కనిపిస్తోంది. ధరల వీడియోకు వెయ్యి వ్యూస్‌కు ₹25 వస్తే పాఠానికి ₹45 వచ్చింది. ఎనిమిది నిమిషాలు, అంతకు మించిన వీడియోలకే యూట్యూబ్ మధ్యలో ప్రకటనలు పెట్టనిస్తుంది కాబట్టి నాలుగు నిమిషాల వీడియోకు ఆ దారి లేదు. అలాగని ధరల వీడియోను ఎనిమిది నిమిషాలకు సాగదీయమని చెప్పడం లేదు. ధర తెలుసుకుని మిర్చి బస్తాలు యార్డుకు పంపాలా, కోల్డ్ స్టోరేజీలోనే ఉంచాలా అని తేల్చుకోవాల్సిన రైతు, సోది విని ఊరుకోడు.

కథనాల మధ్యస్థాన్ని చూసినప్పుడు మరో సంగతి బయటపడుతుంది. ఎనిమిది కథనాలలో ఒక్కటే 1,80,000 వ్యూస్ తెచ్చుకుంది, మిగిలిన ఏడూ ఇంచుమించు 20,000 దగ్గరే ఆగిపోయాయి. ఆ ఒక్కదాన్ని పక్కన పెడితే మిగిలిన ఏడింటికి 154 గంటలు, ₹5,600 ఆదాయం, అంటే గంటకు సుమారు ₹36 మాత్రమే. సగటు ₹73, మధ్యస్థం ₹36 ఉన్నప్పుడు ఆ రకం ఆదాయం ఒక అదృష్టవంతమైన వీడియో మీద నిలబడిందని అర్థం చేసుకోవాలి. అలాంటి రకాన్ని వెంటనే మానేయాలని కాదు గాని, తరువాతి కథనం నుంచి ₹73 వస్తుందని ఆశ పెట్టుకోవడం సరికాదు. ఎక్కువసార్లు వచ్చేది ₹36.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా పక్కనే రాసుకోవాలి. ఎడిటర్ జీతం నెలకు ₹20,000 అనుకుంటే మూడు నెలలకు ₹60,000, అంటే పట్టికలోని 347 గంటలకు గంటకు ₹173. ప్రకటనల ఆదాయం ఒక్కదానితో ఏ రకమూ ఆ గీతను దాటడం లేదు, పాఠం మాత్రం దరిదాపుల్లోకి వచ్చింది. స్పాన్సర్ డబ్బును వేరే గడిలో ఉంచమన్నది ఇందుకే.

స్పాన్సర్ డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

మన బృందానికి ఆ మూడు నెలల్లో ఒక పురుగుమందుల దుకాణం రెండు కథనాలకు కలిపి ₹15,000 ఇచ్చిందనుకుందాం. దాన్ని కథనాల ఆదాయంలో కలిపితే గంటకు ₹158 వస్తుంది, కథనం పాఠాన్ని దాదాపు అందుకుంటుంది. ఒక్క గడి కలపడంతో నిర్ణయమే మారిపోయేలా ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ దుకాణం డబ్బు ఇచ్చింది కథనం చూసా, ఛానల్ చూసా? తెలుసుకునే మార్గం ఒక్కటే: ఆ యజమానినే అడగడం. ‘ఇదే ధరకు పాఠంలో మీ పేరు చెబితే సరేనా అండీ?’ అని అడగండి. సరే అంటే ఆ డబ్బు ఛానల్‌ది, దాన్ని ఏ రకానికీ కట్టబెట్టకూడదు. ‘లేదండీ, మా దగ్గరికి వచ్చే రైతు మొహం అందులో కనిపించాలి’ అంటే అది కథనం సంపాదించిన డబ్బే. మందుల గురించి చెప్పే పాఠంలో మందుల దుకాణం డబ్బు తీసుకుంటే చూసేవారి నమ్మకం దెబ్బ తింటుందని మీకు అనిపించవచ్చు. నా అభిప్రాయమూ అదే. అప్పుడు పాఠానికి ఆ దారి మీ అంతట మీరే మూసుకున్నారని లెక్కలో ఒప్పుకోవాలి.

తొంభై రోజులు ఎవరికి అన్యాయం చేస్తాయి

ధరల వీడియో విలువ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. వచ్చే వారం పాత ధర ఎవరికీ అక్కర్లేదు కాబట్టి 90 రోజుల అంకె దాని జీవితం మొత్తానికి అంకె. పాఠం సంగతి అలా కాదు. నారుమడి మీద ఫిబ్రవరిలో విడుదల చేసిన పాఠాన్ని వెతుక్కుంటూ వచ్చేవారు జులై, ఆగస్టు నెలల్లో గాని రారు, అప్పటికి 90 రోజులు దాటిపోతాయి. అందువల్ల కిందటి సంవత్సరం పాఠాలను తీసుకుని, 90 రోజులకు ఎంత వచ్చిందో, 365 రోజులకు ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి. రెండో అంకె మొదటి దానికి రెట్టింపు ఉంటే పాఠం అసలు విలువ పట్టికలో సగమే కనిపిస్తున్నట్టు. ఆ రెట్టింపును అన్ని పాఠాలకూ వర్తింపజేయకండి. వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో చూసి, YouTube search వాటా పెద్దగా ఉన్న పాఠాలకే దాన్ని వాడండి. అంగట్లో ఆ రోజు ఏదో గోల జరిగిందని జనం చూసిన పాఠం మళ్లీ లేచి రాదు.

సీజన్‌ను కూడా మరవకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు కోతలు, అమ్మకాలు జోరుగా ఉంటాయి, వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారు. మార్చి ధరల వీడియోను జూన్ ధరల వీడియోతో పోల్చి ‘వ్యూస్ పడిపోయాయి, ఎడిటింగ్ బాగాలేదు’ అని తీర్మానించడం తప్పు. ఒక త్రైమాసికాన్ని కిందటి ఏడాది అదే త్రైమాసికంతోనే పోల్చాలి.

తరువాతి గంట ఏం తెస్తుంది

ఇప్పటిదాకా చూసినవన్నీ సగటులు. మీరు తీసుకోవాల్సిన నిర్ణయం మాత్రం ఇకపై పెట్టబోయే గంటల గురించి. ధరల వీడియోకు గంటకు ₹120 వస్తోంది కదా అని దాని మీద మరిన్ని గంటలు పెట్టలేరు, ఎందుకంటే యార్డు నడిచిన రోజుకు ఒక్క వీడియోయే చేయగలరు, అదీ గంటన్నరలో పూర్తవుతోంది. అందమైన గ్రాఫిక్స్‌తో మూడు గంటలు చేసినా రైతు చూసేది ధరే. కాబట్టి ఆ రకాన్ని ఉన్నచోటే ఉంచి, పాఠం వైపు చూడాలి.

పాఠానికి పట్టే 8 గంటలలో రఫ్ కట్‌కు రెండున్నర, శబ్దానికి అరగంట, గ్రాఫిక్స్‌కు మూడు, రంగులకు ఒకటి, మార్పులకు ఒకటి పోతున్నాయని ఎడిటర్ రాసిన షీట్ చెబుతోంది. గ్రాఫిక్స్ మూడు గంటలకు ఏం దక్కుతోందో తెలుసుకోవడానికి స్టూడియోలో Audience retention గీతను తెరిచి, పక్కన మీ టైమ్‌లైన్‌ను పెట్టుకుని చూడండి. మందు మోతాదు రాసిన కార్డు కనిపించే చోట గీత పైకి లేస్తుంటే జనం వెనక్కి తిప్పి చూస్తున్నారని అర్థం. ఆ కార్డు తయారు కావడానికి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది, అది ఎడిటర్ చేసిన అతి విలువైన పని. మొదట్లో ఛానల్ పేరు తిరుగుతూ వచ్చే పది సెకన్ల దగ్గర గీత జారిపోతుంటే, దాని కోసం పెట్టిన సమయం నష్టమే గాక, దాని వల్ల చూసేవారు కూడా పోతున్నారు. గీతలో ఏ మార్పూ తేని గ్రాఫిక్స్ చాలా ఉంటాయి. ఎడిటర్‌కు అవి ప్రాణం కాబట్టి ఈ గీతను ఆయనే తెరిచి చూడటం మేలు, యాంకర్ చెబితే తగువు అవుతుంది.

ఆ తరువాత చిన్న పరీక్ష పెట్టండి. రాబోయే ఆరు పాఠాలలో ఒకటి విడిచి ఒకటిగా మూడింటిని పాత పద్ధతిలో 8 గంటలతో, మూడింటిని మోతాదు కార్డులు మాత్రమే ఉంచి 5 గంటలతో చేయండి. ఫలితాన్ని వ్యూస్‌తో కొలవకండి, ఎందుకంటే వ్యూస్‌ను అంశం, థంబ్‌నెయిల్ శాసిస్తాయి గాని గ్రాఫిక్స్ కాదు. ముప్పయ్యో సెకను దగ్గర ఎంతమంది మిగిలారో, సగటున వీడియోలో ఎంత శాతం చూశారో ఆ రెండింటితో కొలవండి. మూడింటికి మూడు అంటే చాలా చిన్న పరీక్ష. 42 శాతానికీ 44 శాతానికీ మధ్య తేడాను తేడాగా లెక్కించకండి. 5 గంటల పాఠాలన్నీ 8 గంటల పాఠాలన్నింటికన్నా స్పష్టంగా కిందికి పడితేనే గ్రాఫిక్స్ తమ ఖర్చుకు తగ్గ పని చేస్తున్నాయని ఒప్పుకోవాలి. అలా పడకపోతే ఆ మూడు గంటలు మిగిలినట్టే.

మిగిలిన గంటల విలువను ఇలా లెక్కించవచ్చు. పన్నెండు పాఠాలకు మూడేసి గంటల చొప్పున 36 గంటలు మిగులుతాయి, వాటితో 5 గంటల పాఠాలు మరో ఏడు చేయవచ్చు. ఒక్కో పాఠానికి ₹1,350 చొప్పున కాగితం మీద ₹9,450 అదనంగా కనిపిస్తుంది. చేతికి అంత రాదు. బాగా ఆడే అంశాలను మీరు ముందే వాడేసి ఉంటారు కాబట్టి పదమూడో అంశం పన్నెండో దాని కన్నా బలహీనంగా ఉంటుంది, పైగా ఏడు పాఠాలను ఎవరో ఒకరు వెళ్లి తీయాలి. నేనైతే అందులో సగమే వస్తుందనుకుని, ఏడింటికి బదులు నాలుగు పాఠాలు పెంచి, మిగతా గంటలను పాత పాఠాలలో సీజన్ ముందు మళ్లీ పనికొచ్చే వాటి థంబ్‌నెయిల్, శీర్షిక మార్చడానికి వాడతాను. ఆ పనికి ఒక్కో వీడియోకు గంట కూడా పట్టదు.

కథనం మీద తీర్పు

కథనానికి 22 గంటలు పట్టడం వెనుక కారణం తరచుగా ఎడిటింగ్ బల్ల దగ్గర ఉండదు, పొలంలోనే ఉంటుంది. ప్రశ్నల జాబితా లేకుండా ఐదారు గంటల ఫుటేజ్ తీసుకొస్తే, అదంతా వినడానికే ఎడిటర్‌కు ఒక రోజు పోతుంది. వెళ్లేముందు పది ప్రశ్నలు రాసుకుని, తీసేటప్పుడే పనికొచ్చే జవాబు వచ్చిన సమయాన్ని ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటూ పోతే ఆ 22 గంటలు 12కు దిగవచ్చు. అప్పుడు కూడా మామూలుగా ఆడే కథనం ₹800 తెస్తుంది కాబట్టి గంటకు ₹67 మాత్రమే అవుతుంది. అంటే గంటలు దాదాపు సగానికి తగ్గించినా ప్రకటనల ఆదాయంతో ఆ రకం పాఠాన్ని అందుకోలేదు. దాన్ని కొనసాగించాలంటే వేరే కారణం చూపించగలగాలి: పైన చెప్పిన స్పాన్సర్ జవాబు ఒకటి, ఆ వీడియో ద్వారా చేరిన Subscribers సంఖ్య మరొకటి. ఆ 1,80,000 వ్యూస్ వచ్చిన కథనంలో ఏముందో కూడా విడిగా చూడండి. అది కౌలు రైతు అప్పుల గురించో, పంట మొత్తం వైరస్‌కు పోయిన పొలం గురించో అయి ఉంటే గెలిచింది అంశమే. 22 గంటల మెరుగులు మిగిలిన ఏడింటికీ పెట్టారు కదా.

ఈ ఉదాహరణలోని బృందం అయితే కథనాలను మూడు నెలలకు ఎనిమిది నుంచి మూడుకు తగ్గించి, ఒక్కోదానికి 12 గంటల పరిమితి పెట్టుకోవచ్చు. దానితో 176 గంటల స్థానంలో 36 గంటలు సరిపోతాయి. మిగిలిన 140 గంటలను ఒకేసారి పాఠాల మీద కుమ్మరించకుండా, ముందు నాలుగు పాఠాలు పెంచి, ఆ కొత్తవాటి గంటకు ఆదాయం పాతవాటి ₹169 కన్నా ఎంత తగ్గిందో చూడాలి. ₹120 పైన నిలబడితే మరో నాలుగు పెంచవచ్చు. అంతకన్నా పడితే పాఠాలకు అంశాల కొరత మొదలైందని, కొరత ఇప్పుడు ఎడిటర్ దగ్గర లేదని అర్థం, అప్పుడు భాగించాల్సిన అంకె కూడా మారుతుంది.

తీసుకున్న నిర్ణయాన్ని అదే షీట్ పై వరుసలో తేదీతో రాసి, దాన్ని ఏ అంకె వస్తే వెనక్కి తీసుకుంటారో కూడా అప్పుడే రాయండి. ఉదాహరణకు, ‘కొత్త మూడు కథనాలలో రెండు 90 రోజులకు 50,000 వ్యూస్ దాటితే సంఖ్యను ఐదుకు పెంచుతాం’ అని రాసుకోవచ్చు. ముగ్గురూ చూసి ఒప్పుకున్నాక ఆ వరుసను లాక్ చేయండి.